వీలైనంత త్వరగా

సిగ్గు విడిచి చెబుతున్నాను, మీలోనే ఉంచుకోండి. ఒక్క రాజీనామా లేఖ రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆరేళ్లు మాదాపూర్‌లో ఒకే కంపెనీలో, ఒకే కిటికీ పక్కన కూర్చుని కోడ్ రాశాను. అమెరికాలో ఎం.ఎస్. సీటొచ్చింది, ఆగస్టు 24న క్లాసులు మొదలు. ఇక మిగిలింది మేనేజర్‌కి నాలుగు ముక్కలు రాసి పడేయడమే. కానీ నాలుగు ముక్కలతో సరిపెట్టుకునే మనిషినా నేను?

రెండున్నర పేజీలు రాశాను. మొదటి పేజీ నిండా కృతజ్ఞత. కంపెనీని తల్లి ఒడితో పోల్చాను, ఆ తల్లి మూడేళ్లుగా హైకు సరిగ్గా ఇవ్వలేదన్న సంగతి పక్కన పెట్టి. రెండో పేజీలో నేను లేకపోతే బిల్లింగ్ మాడ్యూల్ ఏమైపోతుందోనన్న ఆవేదన. చివర్లో, 'నన్ను వీలైనంత త్వరగా విడుదల చేయగలరు'. ఏప్రిల్ 24, శుక్రవారం రాత్రి మెయిల్ కొట్టాను. శనివారం పొద్దున్నుంచీ ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. మేనేజర్ ఫోన్ చేస్తారు, గొంతు బొంగురుపోతుంది, 'నువ్వు వెళ్లిపోతే ఎలా' అంటారు, నేను కాసేపు బెట్టుచేసి ఓదారుస్తాను. స్నానానికి వెళ్తూ ఫోన్ కూడా తీసుకెళ్లానంటే ఇక మీరే అర్థం చేసుకోండి.

సోమవారం జవాబొచ్చింది. 'చూశాను. పోర్టల్‌లో పెట్టు.'

అంతే. నాకు కోపమొచ్చింది. రెండున్నర పేజీలకు మూడు మాటలా? పోర్టల్‌లో పెట్టలేదు. బతిమాలితే పెడదామని కూర్చున్నాను. ఆయన బతిమాలలేదు. ఆయన అసలు మర్చిపోయారు. మే 15న హెచ్చార్ అమ్మాయిని క్యాంటీన్‌లో చూసి, 'నా రిలీవింగ్ ఎప్పుడండీ?' అని దర్జాగా అడిగాను. ఆవిడ ఫోన్‌లో వెతికి, 'మీరింకా రిజైన్ చెయ్యలేదు కదండీ' అంది. మాకు నోటీసు 90 రోజులు. ఆ లెక్క మెయిల్ పంపిన రోజు నుంచి కాదు, పోర్టల్‌లో రాజీనామా నొక్కిన రోజు నుంచి. నిలబడ్డచోటే నొక్కాను. తెర మీద ఆఖరి పనిదినం ఆగస్టు 13 అని వచ్చింది. ఏప్రిల్ 24నే నొక్కి ఉంటే జులై 23 వచ్చేది. విమానం టికెట్ ఆగస్టు 5కి కొనేశాను, అదీ డబ్బు వెనక్కి రానిది. చేతిలో ఇడ్లీ ప్లేటుంది, సాంబారు చొక్కా మీదుంది, ఎప్పుడు ఒలికిందో తెలీదు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. నాన్న తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, ముప్ఫయ్యేళ్లు కాగితాల మధ్య బతికిన మనిషి. కళ్లజోడు పెట్టుకుని రెండున్నర పేజీలూ చదివారు. 'బావుందిరా. ఇందులో నువ్వు ఏ రోజు మానేస్తున్నావో ఎక్కడుంది?' అన్నారు.

లేదు. 'వీలైనంత త్వరగా' అని ఉంది. ఎవరికి వీలైనంత? నాకు వీలైతే రేపు, కంపెనీకి వీలైతే 90 రోజులు. కారణం కూడా గుంభనంగా 'వ్యక్తిగత లక్ష్యాలు' అని రాశాను, చదువు అని సూటిగా రాయకుండా. దాంతో నేను పోటీ కంపెనీకి పోతున్నానని హెచ్చార్ వాళ్లకి అనుమానం వచ్చిందట. అందుకే ఎవరూ నాతో మనసు విప్పి మాట్లాడలేదు. నేను మాత్రం అదంతా నేను పోతున్న దిగులనుకున్నాను.

ఆ రాత్రి నాన్న పక్కన కూర్చుంటే రెండో లేఖ రాశాను. ఇంగ్లీషులో రాసిందే, మీకోసం తెలుగులో చెబుతున్నాను:

'ఉన్నత చదువు కోసం నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. పోర్టల్ ప్రకారం నా నోటీసు ఆగస్టు 13తో ముగుస్తుంది. ఆగస్టు 17న ఓరియెంటేషన్‌కి అక్కడ ఉండాలి కాబట్టి, జులై 31న రిలీవ్ చేయవలసిందిగా కోరుతున్నాను. తక్కువపడే 13 రోజుల్ని నా మిగిలిన సెలవుల్లోంచి, ఇంకా చాలకపోతే జీతంలోంచి సర్దుకోవచ్చు. బిల్లింగ్ మాడ్యూల్ పనులు జూన్ 10లోగా రాసి ఇస్తాను. జులై 10 దాకా నా స్థానంలో వచ్చేవారు చేస్తుంటే పక్కన ఉంటాను. ఆ తర్వాత వారే చేస్తారు, అడిగితే చెబుతాను. ఒక కష్టమైన రాత్రి తెల్లారేదాకా నా పక్కన కూర్చున్నందుకు మీకు ఎప్పటికీ కృతజ్ఞుణ్ని.'

ఆ కష్టమైన రాత్రి ఏమిటంటే, చేరిన కొత్తలో నేను ప్రొడక్షన్‌లో ఒక టేబుల్ చెరిపేశాను. మేనేజర్ తిట్టకుండా బ్యాకప్ ఎక్కించడం నేర్పారు. టేబుల్ సంగతి కూడా లేఖలో పెట్టబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. 'ఇది ఫైల్లో ఉండిపోయే కాగితంరా, నీ తప్పు నువ్వే రాసిస్తావా?' తల్లి ఒడి కూడా అక్కడే కొట్టేశారు. సోమవారం మేనేజర్ ఆ చివరి వాక్యం చదివి నవ్వారు. మొదటి లేఖలోని పేజీడు కృతజ్ఞత ఆయన చదవనే లేదని అప్పుడు తెలిసింది. జులై 31కి ఒప్పుకున్నారు. పదమూడు రోజుల్లో తొమ్మిది సెలవుల్లోంచి పోయాయి, నాలుగు రోజుల జీతం కోసుకున్నారు. ఆ సెలవులకి డబ్బొచ్చేది. నా బెట్టు ఖరీదు అదీ.

హ్యాండోవర్‌లో నా పరువు ఇంకోసారి పోయింది. నలభై పేజీల డాక్యుమెంట్ రాశాను. జూనియర్ కుర్రాడు రోజూ కూర్చుని వింటున్నాడు, తలూపుతున్నాడు. తలూపితే అర్థమైనట్టే అనుకున్నాను. జూన్ నెలాఖర్లో రివర్స్ కేటీ పెట్టాం, అంటే వాడు చెప్పాలి, నేను వినాలి. పొద్దున ఆరుకి ఇన్వాయిస్ రిపోర్టు ఎలా తయారవుతుందో చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

'అన్నా, డూప్లికేట్లు ఎక్కడ పోతున్నాయి? డాక్యుమెంట్‌లో లేదు.'

నా ఒళ్లు చల్లబడిపోయింది. సర్వర్లో `crontab -l` కొట్టాను. నా సొంత ఐడీ కింద ఇలా ఉంది:

```
30 2 * * * ~/tmp/fix_final2.sh
```

రెండేళ్ల కిందట ఒక రాత్రి 'తాత్కాలికంగా' పెట్టిన స్క్రిప్టు. రోజూ తెల్లవారుజామున రెండున్నరకి లేచి డూప్లికేట్ ఇన్వాయిస్‌లు తుడుస్తోంది. జులై 31 సాయంత్రం నా ఐడీ మూసేస్తారు, ఆ తర్వాత నా ఫోల్డరూ పోతుంది. మర్నాడు కస్టమర్లకి ఒకే బిల్లు రెండేసి సార్లు వెళ్తుంది. నేను లేకపోతే మాడ్యూల్ ఏమైపోతుందోనని మొదటి లేఖలో ఏడ్చాను కదా, నిజంగానే ఏమైపోయేదో ఇదే. కాకపోతే అది నా గొప్పతనం వల్ల కాదు, నా బద్ధకం వల్ల. మీ ఐడీ కింద కూడా ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది, నా దగ్గర దాచకండి.

స్క్రిప్టుని గిట్‌లోకి ఎక్కించాం. జాబ్‌ని టీమ్ సర్వీస్ అకౌంట్ కిందకి మార్చాం. నా లైను ముందు చెరిపేద్దామన్నాడు కుర్రాడు, నేనింకా ఇక్కడ ఉండగానే ఒక వారం చూద్దామని. అంత తెలివి నాకు తోచలేదు. చెరిపాం. రెండో రోజే ఫెయిలైంది, సర్వీస్ అకౌంట్‌కి ఇన్వాయిస్ టేబుల్లో చెరిపే అనుమతి లేదు. అది తెప్పించడానికి డీబీఏ టీమ్‌కి టికెట్ పెడితే ఐదు రోజులు పట్టింది. నేను వెళ్లిపోయాక ఇది బయటపడి ఉంటే ఆ ఐదు రోజులూ ఆ కుర్రాడు నిద్రపోయేవాడు కాదు.

జులై మూడో వారానికి నన్ను అడిగేవాళ్లు లేరు. హ్యాండోవర్ బాగా జరిగిందనడానికి అదే గుర్తట. నాకైతే ఉక్రోషంగానే ఉండేది. వాడి సీటు దగ్గరికి నేనే రెండుసార్లు వెళ్లి, 'ఏమైనా డౌట్సా?' అని అడిగాను. 'లేవన్నా' అన్నాడు రెండుసార్లూ.

31న పైనాపిల్ కేకు కోశారు, ల్యాప్‌టాప్ తీసుకున్నారు, కార్డు తీసుకున్నారు. ఆగస్టు 1 తెల్లవారుజామున రెండున్నరకి దానంతటదే మెలకువ వచ్చింది. ఆరు దాకా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఎవరూ చేయలేదు.