తగిన చోట్ల సరిచేశాం

“ఎగ్జామినర్లు సూచించిన మార్పులన్నిటినీ తగిన చోట్ల చేర్చాం.” ఇంత నిర్మలమైన వాక్యం రాయడానికి రీసెర్చ్ స్కాలర్‌కు అయిదేళ్లు పడుతుంది. చదివిన ఎగ్జామినర్‌కు రక్తపోటు పెరగడానికి అయిదు సెకన్లు చాలు. తగిన చోటు ఎక్కడుంది? రెండు వందల పేజీల థీసిస్‌లో ఆ చోటును వెతుక్కునే భాగ్యం ఎవరిది? ఇల్లెక్కడని అడిగితే “మా ఊళ్లో దిగి ఎవర్నడిగినా చెబుతారు” అన్నట్టుంటుంది ఆ జవాబు.

గైడ్‌గా ఇలాంటి జవాబులు చాలా చూశాను. వేరే యూనివర్సిటీల థీసిస్‌లకు ఎగ్జామినర్‌గా అంతకంటే ఎక్కువ చూశాను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం థీసిస్‌ను బయటి ఎగ్జామినర్లు కనీసం ఇద్దరు చూడాలి. వీలైతే వాళ్లలో ఒకరు విదేశం నుంచి ఉండాలి. నిబంధన మంచిదే. కాకపోతే ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఒకాయన “రెండో అధ్యాయం మరీ సాగింది, కుదించండి” అంటారు. రెండో ఆయన “పూర్వ పరిశోధనల సమీక్ష పలుచగా ఉంది, పెంచండి” అంటారు. అదే అధ్యాయం, అవే పేజీలు. ఆ రెండు రిపోర్టులూ పట్టుకుని స్కాలర్ నా గది గుమ్మంలో నిలబడ్డప్పుడు ఆ ముఖంలో కనిపించేది ఏ కొలమానానికీ అందదు.

కిందటిసారి అలా నిలబడ్డ కుర్రాడిది మిర్చి రైతుల మీద పని. పంటను వెంటనే అమ్ముకున్నవాళ్లెవరు, గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో దాచి ధర కోసం ఆగినవాళ్లెవరు, ఎవరికి ఎంత మిగిలింది అనేది విషయం. మంచి పని. రిపోర్టులు కూడా మంచివే. ఒక కరెక్షన్ మాత్రం చూడ్డానికి చీమంత ఉంది: “శాంపిల్ 120 అని మూడో అధ్యాయంలో ఉంది. టేబుల్ 4.2 మొత్తం 118 వస్తోంది. వివరించండి.”

“ఇదెంత మేడమ్, అయిదు నిమిషాల పని” అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని వెతికే గడిలో 120, మార్చే గడిలో 118 కొట్టి, అన్నీ ఒకేసారి మార్చే బటన్ మీదకు బాణం తీసుకెళ్లాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ నొక్కు పడి ఉంటే 120 రోజులకు రావలసిన తొలి కోత 118 రోజులకే వచ్చేసేది. పేజీ దిగువన 1200 అని ఉన్న ఖర్చు 1180 అయ్యేది. మా థీసిస్ వల్ల రైతుకు జరిగిన మొదటి ప్రత్యక్ష లాభం బహుశా అదే అయ్యుండేది.

“ముందు ఆ ఇద్దరు ఎటుపోయారో చెప్పు” అన్నాను.

ఫీల్డ్ నోట్‌బుక్కులు తీశాడు. సర్వే రెండు విడతలు. నాట్లప్పుడు ఖర్చుల కోసం 120 మందిని కలిశాడు, అమ్మకాలయ్యాక ధరల కోసం మళ్లీ వెళ్లాడు. ఈలోగా ఒకాయన కౌలు వదిలేశాడు. ఇంకొకాయన ఊరు విడిచి హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అంటే 120 తప్పు కాదు, 118 కూడా తప్పు కాదు. ఏది ఏ విడతదో చెప్పకపోవడమే లోపం. ఇది తెలిశాక కరెక్షన్ స్వరూపమే మారిపోయింది. ఖర్చులు చెప్పే టేబుల్ 4.1ని ముట్టుకోకూడదు, అది మొదటి విడతది. ధరలు చెప్పే టేబుల్ 4.2కి శీర్షికలోనే 118 అని చెప్పాలి. సంగ్రహంలో “120 మంది రైతుల్లో సగం మంది కోల్డ్ స్టోరేజీలో దాచారు” అన్న వాక్యం ఉంది. దాచినవాళ్లు 59 మంది. 118లో 59 అంటే నిక్కచ్చిగా సగమే, 120లో అయితే 49.2 శాతం. అంటే ఆ వాక్యంలో సగం అన్న మాట నిజం, 120 అన్న అంకె అబద్ధం. ఒకే వాక్యంలో అవి రెండూ ఇన్నాళ్లూ సఖ్యంగా కాపురం చేస్తున్నాయి.

ఎగ్జామినర్ అడిగింది ఒక్క చోట, మార్చవలసి వచ్చింది అయిదు చోట్ల. సరిగ్గా ఇక్కడే “తగిన చోట్ల” అనే మాట ముంచుతుంది. ఎగ్జామినర్ టేబుల్ 4.2 తెరిచి చూస్తారు, బాగుందనుకుంటారు. తర్వాత ఏదో పనిమీద ముగింపు అధ్యాయం తిరగేస్తే అక్కడ పాత 120 పలకరిస్తుంది. ఆ తర్వాత మిగతా జవాబులను కూడా ఆయన నమ్మరు. నేనైతే నమ్మను.

చివరికి ఎగ్జామినర్లకు జవాబులిచ్చే మా పట్టికలో ఆ కరెక్షన్ వరుస ఇలా తయారైంది. మొదటి గడిలో ఎగ్జామినర్ మాట, ఆయన రాసింది రాసినట్టు. దాన్ని మన భాషలోకి సాఫుచేసి రాయకూడదు. సాఫు చేసేటప్పుడు మనకు ఇబ్బందైన ముక్క ఎలాగో జారిపోతుంది. రెండో గడిలో జవాబు: “మొదటి విడతలో 120 మందిని, రెండో విడతలో అందుబాటులో ఉన్న 118 మందిని కలిశాం. తగ్గిన ఇద్దరి వివరం 3.4లో చేర్చాం. టేబుల్ 4.2, సెక్షన్ 4.3లలోని లెక్కలకు ఆధారం 118 మంది.” మూడో గడిలో చోటు: సంగ్రహం మొదటి పేరా, మూడో వాక్యం; సెక్షన్ 3.4, రెండో పేరా, పాత పేజీ 61, కొత్త పేజీ 62; టేబుల్ 4.2 శీర్షిక, పాత 87, కొత్త 89; సెక్షన్ 4.3, మొదటి పేరా, పాత 88, కొత్త 90; ముగింపు, రెండో పేరా, పాత 142, కొత్త 145. అడుగున ఒక ముక్క: “టేబుల్ 4.1 మొదటి విడతది, అందులో మార్పు లేదు.” మార్చనిదాన్ని కూడా చెప్పాలి. లేకపోతే అక్కడ 120 కనబడగానే మరిచిపోయామనుకుంటారు.

పాత పేజీ ఎందుకు మేడమ్ అని అడిగాడు. ఎగ్జామినర్ దగ్గరున్నది పాత ప్రతి. దాని అంచుల్లో ఎర్రసిరా గీతలున్నాయి. ఆయన 87 నుంచి బయల్దేరతారు, మనం 89లో ఎదురెళ్లి తీసుకురావాలి.

పేజీల సంగతి చెప్పుకోవలసిందే. కరెక్షన్లు చేస్తూ పక్కనే పట్టిక నింపుకుంటూ పోయే క్రమశిక్షణ గల విద్యార్థులుంటారు, పాపం. రెండో అధ్యాయంలో ఒక పేరా పెరగ్గానే అప్పటిదాకా నింపిన పేజీలన్నీ కదిలిపోతాయి. సెక్షన్, పేరా నంబర్లు రాసుకుంటూ వెళ్లి, పేజీ గడిని ఖాళీగా ఉంచి, అన్నీ అయ్యాక ఒక్క పూట కూర్చుని నింపాలి. నింపేముందు వర్డ్‌లో `Ctrl+A`, ఆ వెంటనే `F9` కొడితే విషయసూచిక, టేబుళ్ల నంబర్లు కొత్తవి అవుతాయి. అప్పుడే చాలామందికి పేరా మధ్యలో నల్లగా `Error! Reference source not found.` అని దర్శనమిస్తుంది. మనం కొట్టేసిన టేబుల్‌ను ఇంకా ఎవరో ప్రస్తావిస్తున్నారని అర్థం. అది చూడకుండా ప్రింటుకిచ్చిన థీసిస్‌లు నా బీరువాలో ఉన్నాయి.

ఇంకో చిక్కుంది. మార్పులు రంగుల్లో కనిపించే ప్రతి ఒకటి, శుభ్రమైన ప్రతి ఒకటి ఇవ్వమంటారు. కొట్టేసిన వాక్యాలు కూడా గీతలతో కనిపిస్తూ చోటు తింటాయి కాబట్టి రంగుల ప్రతిలో 91 అయ్యేది శుభ్రమైన దాంట్లో 89. దీనికి తోడు పీడీఎఫ్. ముందున్న సర్టిఫికెట్లు, కృతజ్ఞతలు, విషయసూచిక కలిసి మాకు రోమన్ అంకెల్లో 14 పేజీలు. అందువల్ల కాగితం మీద 89 అని అచ్చైన పేజీ తెర మీద 103. విదేశంలో కూర్చున్న ఎగ్జామినర్ గడిలో 89 కొట్టి, తేలినచోట పురుగుమందుల ఖర్చు చూసి, ఈ భారతీయులు నన్ను ఆట పట్టిస్తున్నారనుకునే ప్రమాదముంది. అందుకే పట్టిక నెత్తిన ఒక వాక్యం పెట్టించాను: “పేజీ సంఖ్యలు శుభ్రమైన ప్రతిలో, పేజీ అడుగున అచ్చైనవి.”

రెండో అధ్యాయం పంచాయితీ కూడా పట్టికలోనే తీర్చాం. పొడుగన్న ఆయనకు ఇతర రాష్ట్రాల పంటల మీద రాసిన నాలుగు పేజీలను అనుబంధంలోకి పంపామని చెప్పాం. పలుచనన్న ఆయనకు నిల్వ, ధరల మీద వచ్చిన అధ్యయనాలతో సెక్షన్ 2.5 కొత్తగా రాశామని చెప్పాం. ఇద్దరి వరుసలూ పక్కపక్కనే పెట్టాం, రెండో ఆయన ఏమడిగారో మొదటి ఆయనకు కూడా తెలియాలిగా.

పక్క జిల్లా రైతులను కూడా చేర్చమన్న సూచనను చేయలేదు. ఇంకో పంటకాలం పడుతుంది. ఇలాంటి చోట “పరిశీలిస్తాం” అని రాస్తారు. ప్రభుత్వాలకు చెల్లుతుంది గానీ థీసిస్‌కు చెల్లదు. చేయలేదని, ఎందుకో చెప్పి, ఆ పరిమితిని సెక్షన్ 5.6 చివరి పేరాలో, 147వ పేజీలో ఒప్పుకున్నామని రాయించాను. చేయని పనికి కూడా ఒక పేజీ నంబరుండాలి. ఇక ప్రతి వరుసలోనూ “గౌరవనీయ పరీక్షకుల అమూల్య సూచనకు శిరసు వంచి” అని మావాడు రాసుకొచ్చిన వందనాలను పైన ఒక్కచోట కుప్పవేసి మిగతావి కొట్టేశాను. దాంతో పట్టిక ఒక పేజీ తగ్గింది.

అంతా అయ్యాక బైండింగుకు వెళ్లబోతుంటే ఆఫీసు వాళ్లు ముందు భాగంలో ఇంకో సర్టిఫికెట్ పెట్టాలన్నారు. కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. “మేడమ్, పేజీలన్నీ పోయాయి!”

“అచ్చు అంకెలు కదలవు. రోమన్‌లోనే ఒకటి పెరుగుతుంది” అన్నాను.

“పీడీఎఫ్‌లో 103 ఇప్పుడు 104 అయింది కదా?”

“మనం 103 అని ఎక్కడైనా రాశామా?”

పట్టికంతా వేలితో వెతికాడు. ఎక్కడా లేదు. ఊపిరి పీల్చుకుని, వెళ్లబోయి ఆగాడు. “సర్టిఫికెట్ చేర్చింది కూడా పట్టికలో రాయాలా? వాళ్లు అడగలేదుగా.”

“రాయి. అడగనివి అని అడుగున ఒక వరుస వేసి, అందులో రాయి.”

“చోటు?”

“రోమన్ నాలుగు.”