హైకేశ్వరరావు గారి సొంతిల్లు

హైదరాబాదులో ఐటీ ఉద్యోగం, 27 ఏళ్ల వయసు, నెలకు చేతికొచ్చేది 80,000. ఈ మూడూ కుదిరిన కుర్రాణ్ని హైకేశ్వరరావు అందాం. ఇతని కాపురమంతా వచ్చే ఏప్రిల్లోనే. బండి ఎప్పుడు మారుస్తావంటే ‘హైక్ రానీ’ అంటాడు, పెళ్లెప్పుడంటే కూడా అదే మాట. ఇల్లు మాత్రం హైక్ రాకముందే కొంటాడు. రాబోయే జీతాన్ని ఇప్పుడే తాకట్టు పెట్టనిచ్చే స్టెప్-అప్ ఈఎంఐ ఒకటుందని ఎవరో చెవిన వేశారు మరి.

అతని లెక్కే చూద్దాం. 50 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. మామూలు పద్ధతిలో చివరిదాకా నెలకు 43,391. స్టెప్-అప్‌లో మొదటి అయిదేళ్లు 36,000, ఆపైన 48,809. మొదటి నెల వడ్డీయే 35,417 కాబట్టి అసలుకు చేరేది 583 రూపాయలు, ఒక ఆదివారం బిర్యానీ ఖర్చు. అయిదేళ్లలో 21.6 లక్షలు కట్టాక కూడా బాకీ 49.57 లక్షలుంటుంది. సమవాయిదాల్లో అయితే 44.06 లక్షలకు దిగేది. మొత్తమ్మీద అదనంగా కట్టేది 5.32 లక్షలు. ఇందులో బ్యాంకు మోసమేమీ లేదు, తీర్చని అసలు మీద వడ్డీ అది. చిక్కల్లా ఆ 583 దగ్గరే. వడ్డీ మారే అప్పులో రేటు పావు శాతం పెరిగినా మొదటి నెల వడ్డీ 36,458 అవుతుంది, అంటే వాయిదా వడ్డీకే చాలదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి నాటికి రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి చేర్చిన సంగతి అతను మరిచాడు, మేనేజరు మెచ్చుకున్న మెయిల్ మాత్రం గుర్తుంది.

ధరలు పెరిగేకొద్దీ రేపటి రూపాయి తేలిక కదా అంటాడు. నిజమే, కానీ ఆ తేలిక 43,391కీ వర్తిస్తుంది, పైగా అది పెరగదు. మిగిలే 7,391 మదుపు చేస్తానంటాడు. చేస్తే మంచిదే, కానీ ఆ సొమ్ము కారు వాయిదాకి ఎప్పుడో మాటిచ్చేశాడు. ‘ఇప్పుడు 43,391 కట్టలేను’ అన్నదొక్కటే గట్టి అభ్యంతరం. దానికి జవాబు చిన్న అప్పు. అదే 36,000 సమవాయిదాకు 41.5 లక్షలు వస్తాయి, తగ్గేది మూడో పడగ్గది. హైక్ నిజంగా వస్తే ముందస్తుగా అసలుకు జమ చేయొచ్చు, వడ్డీ మారే గృహరుణానికి వ్యక్తుల దగ్గర బ్యాంకులు అందుకు అపరాధ రుసుము వసూలు చేయకూడదు. రాకపోతే ఎవరికీ బాకీ పడడు. ఏటా 3 శాతం ఇంక్రిమెంటు నిబంధనల్లోనే ఉన్న కేంద్ర ప్రభుత్వోద్యోగికైతే స్టెప్-అప్ కొంత నప్పుతుంది. అప్రైజల్ మీద బతికేవాడికి నప్పదు. సంతకానికి ముందు రెండు పద్ధతుల వాయిదా పట్టికలూ అడిగి తీసుకుని, 60వ నెల ఎదురుగా మిగిలిన అసలెంతో చూడండి.