చివరి చరణం ముందు పాడండి

రాసిన పాటలో భావం మెట్టుమెట్టుగా పెరుగుతోందో లేదో చూడాలంటే దాన్ని మొదటి నుంచి వినకండి. వాయిద్యాలు చెవిని మాయ చేస్తాయి. వయొలిన్లు పెరిగితే చాలు, బాధ కూడా పెరిగిందనే అనుకుంటాం. వాయిద్యాలన్నీ ఆపేసి, రెండో చరణం ముందు, మొదటిది తర్వాత పాడండి. మన సినిమా పాటల్లో చాలావాటికి రెండు చరణాలకూ ఒకటే బాణీ కాబట్టి తారుమారు చేసినా తాళం తప్పదు. అలా పాడినా పాటకు ఏ లోటూ రాలేదంటే, మీరు ఒకే చరణాన్ని రెండుసార్లు రాశారన్నమాట.

ఊరు వదిలి వెళ్తున్న కొడుకు కోసం తల్లి పాడే పాట అనుకుందాం. పల్లవి మాట "తలుపు తీసే ఉంచుతా". మొదటి చరణంలో నువ్వు లేక బతకలేనంటూ కన్నీళ్లు, రెండోదాంట్లో ఆవకాయ సీసా, రైలు టికెట్టు, జాగ్రత్తలు. ఇది దిగుడు పాట. ఏడ్చేసిన తల్లి ఆవకాయ గురించి చెబితే వినేవాడికి ఇక ఎదురుచూడటానికి ఏముంది? ఆవకాయను ముందుకు తెచ్చి, కన్నీళ్లు కొట్టేయండి. రెండో చరణంలో కొడుకు వెళ్లిపోయాక రాత్రి ఆమె ఇద్దరికీ అన్నం వండటం చూపించండి. అప్పుడు పల్లవి మారకుండానే మారుతుంది: మొదట కొడుక్కి ఇచ్చిన ధైర్యం, చివరికి ఆమె తనకు తాను చెప్పుకుంటున్న మాటవుతుంది.

భావం ఎంత పెరిగిందో కొలవడానికి కాగితం మీద గీత గీసి ఒక్కో పంక్తికి పదికి మార్కులు వేయడం వద్దు. బాగా రాసిన పంక్తికే ఎక్కువ వేసుకుంటాం. పల్లవి వచ్చిన ప్రతిసారీ దాని పక్కన తల్లి ఆ మాట ఎవరితో, ఎందుకు అంటోందో ఒక్క వాక్యం రాయండి. రెండుచోట్ల ఒకే వాక్యం వచ్చిందా, మధ్యలో ఉన్న చరణం పని చేయలేదు.

ఇంకొకటి, పైస్థాయి స్వరం. బాణీ ఒకటే కాబట్టి ఆ స్వరం రెండు చరణాల్లోనూ ఒకేచోట పడుతుంది. మొదటిసారి దాని మీద "సీసా" లాంటి మామూలు మాటే పెట్టండి. బలమైన మాటను అక్కడే ఖర్చు చేస్తే రెండోసారి గాయని ఎంత గొంతెత్తినా అరుపులాగే వినిపిస్తుంది. చివరి పల్లవికి కోరస్ జోడించి, శ్రుతి పెంచి బలం తెద్దామనుకోవద్దు. ముందు తంబురా ఒక్కటే పెట్టి పాడించండి. అప్పుడు నిలబడితేనే మిగతావి కలపండి.

లాలిపాటకు, కథ లేని బతుకమ్మ పాటకు మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. అవి తిరుగుతూ ఉండటానికే పుట్టాయి. చరణాలు ఏ వరసలో పాడినా వాటికి లోటు లేదు.