మూడెకరాల మీద రెండు సిద్ధాంతాలు

గోదావరి డెల్టాలో వారసత్వపు పొలం గురించి అన్నదమ్ముల మధ్య నడిచే వాదాన్ని స్థూలంగా అమ్మకవాదం, కౌలువాదం అని రెండు సిద్ధాంతాలుగా విభజించవచ్చు. మొదటిది హైదరాబాదులో ఫ్లాటు వాయిదాలు కట్టేవారిలోనూ, రెండవది పొలానికి బస్సు దూరంలో ఉంటూ ఏటా కొత్త బియ్యం అందుకునేవారిలోనూ విరివిగా కనిపిస్తుంది కనుక, ఈ భేదానికి మూలాన్ని శాస్త్రాల్లో కంటే చిరునామాల్లో వెతకడం మేలు. తణుకు దగ్గరి మూడెకరాల వరిచేను విషయంలో ఒక కుటుంబంలో భోగినాడు మొదలై కనుమ దాటినా తేలని వాదం ఇందుకు చక్కని ఉదాహరణ.

తమ్ముడి వాదం లెక్కల మీద నిలిచింది. ఎకరం నలభై లక్షలకు బేరం వచ్చింది గనుక మొత్తం కోటీ ఇరవై లక్షలు. దాన్ని ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏటా ఎనిమిది లక్షల నలభై వేలు. కౌలు, అంటే భూమి వాడుకున్నందుకు సాగుదారు యజమానికి ఇచ్చే ప్రతిఫలం, ఆ పొలంలో సార్వా, దాళ్వా రెండు పంటలకూ కలిపి ఎకరానికి పాతిక బస్తాలు. డెబ్బై అయిదు కిలోల బస్తాను 2024–25 మద్దతు ధర ప్రకారం రూ. 1,725గా లెక్కగడితే, మూడెకరాలకూ వచ్చేది దాదాపు లక్షా ముప్పై వేలు. “ఒక్క శాతం, అన్నయ్యా! ఈ వడ్డీ చెప్పడానికి బ్యాంకువాడు కూడా సిగ్గుపడతాడు” అని తమ్ముడు తేల్చాడు.

“ఒరేయ్, నీ డిపాజిట్టు గట్టు మీద నిలబడి చూసుకోగలవా?” అని అన్న అడిగాడు. గట్టు మీద నిలబడటం వల్ల వచ్చే ఆదాయం ఏ పన్ను పత్రంలోనూ చూపనక్కరలేనిదే అయినా, ఆ మాటకు తమ్ముడి దగ్గర జవాబు లేకపోయింది. భూమి ధర పెరుగుతుందనీ, డిపాజిట్టు పెరగదనీ అన్న చెప్పినది సబబైన వాదమే. ఏటా ఆయన ఇంటికి చేరే బియ్యం, కొబ్బరికాయల ప్రస్తావన మాత్రం ఆ వాదంలో ఎక్కడా రాలేదు.

ఇంతటి కౌలుభక్తుడూ కౌలును కాగితం మీద పెట్టడానికి ఒప్పుకోడు. కౌలుదారుకు కనీసం ఆరేళ్ల గడువు కల్పించిన 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం మిగిల్చిన భయం డెల్టా యజమానుల్లో నేటికీ పోలేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఒప్పందం పదకొండు నెలలకే పరిమితమనీ, సాగుదారుకు దక్కేది పంట మీద హక్కే తప్ప భూమి మీద కాదనీ చెప్పినా, సంతకం అనగానే అన్నకు కళ్లజోడు కనిపించకుండా పోతుంది. ఆ సంతకం లేనిదే సాగుదారు కార్డు రాదు. కార్డు లేనిదే పంట రుణం దొరకడం గగనం, వరదకు చేను మునిగితే పరిహారం సాధారణంగా పాసుపుస్తకంలో పేరున్నవారికే పోతుంది. ఎకరానికి రెండు పంటలకూ డెబ్బై బస్తాలు పండించి, కౌలు కొలిచి, పంటకు ముప్పై రెండు వేల చొప్పున పెట్టుబడి తీసేస్తే కౌలుదారుకు మిగిలేది పద్నాలుగు వేల లోపే. రెండు సిద్ధాంతాల్లోనూ ఆయనకు చోటు లేదు.

చోటు దొరకని మరొక వ్యక్తి కూడా ఉన్నారు. రిజిస్ట్రేషనుకు కాగితాలు రాయబోయిన దస్తావేజు లేఖరి, “మీకు అప్పచెల్లెళ్లు ఉన్నారా?” అని అడిగాడు. ఉన్నది ఒక్క అక్క. పొలం తండ్రి స్వార్జితం, వీలునామా లేదు, తల్లి అంతకు ముందే పోయింది. కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో పాటు కూతురికీ సమాన వాటా. “కట్నం ఇచ్చాం కదండీ” అని అన్నదమ్ములు మొట్టమొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చారు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా రద్దు కాదని లేఖరి చెప్పడంతో చెరి ఎకరన్నర కాస్తా చెరి ఎకరమైంది.

అక్క ఫోనులో కబురంతా విని, “నా ఎకరం అమ్మను. మీరు అమ్మితే బయటివాళ్లకంటే ముందు నన్నడగండి” అంది. అదే చట్టంలోని 22వ సెక్షను, ఒక వారసుడు తన వాటా అమ్మదలచినప్పుడు తోటి వారసులకు మొదటి అవకాశం ఇస్తుంది. అది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అక్కగారి దగ్గర నలభై లక్షలు అడగడానికి తమ్ముడికి నోరు రాలేదు, తగ్గించి ఇవ్వడానికి మనసు రాలేదు. అమ్మకవాదం ఆ సంక్రాంతికి అక్కడే ఆగింది.

ప్రస్తుతం కౌలు మనిషికి పాతిక బస్తాల చొప్పున మూడు వాటాలుగా పంచుతున్నారు. కౌలుదారు తెచ్చిన ఒప్పంద పత్రం మీద ముగ్గురి సంతకాలూ కావాలి. ఇంతవరకు అక్క ఒక్కతే చేసింది.