తలకు 520, తాడుకు 3,200

సొసైటీ కార్యదర్శి గారికి, ఈ అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్న పది కుటుంబాలు నమస్కరించి రాయునది.

మార్చి మెయింటెనెన్స్ బిల్లు అందింది. ఫ్లాట్లు 30, ఓనర్లున్నవి 20, మేమున్నవి 10. నీళ్ళకు ఓనర్ల దగ్గర ఫ్లాటుకు 800, మా దగ్గర మనిషికి 520 వేశారు. ఏడుగురున్న ఓనరుగారింట్లో అందరి స్నానాలూ 800కే అయిపోతాయి. నలుగురున్న మా ఇంటికి 2,080. పోసుకునేది పన్నీరేమోనని వాసన చూశాం. సంపు వాసనే వచ్చింది.

జలమండలి ఫ్లాటుకు నెలనెలా ఇచ్చే 20,000 లీటర్ల ఉచిత నీటికి రాయించినప్పుడు మావీ ఫ్లాట్లే. డబ్బులడిగే వేళకు మేం తలలమైపోయాం.

బిల్లులో ట్యాంకర్లు 46, ఒక్కోటి 800 చొప్పున 36,800. గేటు దగ్గరి పుస్తకంలో మాత్రం 39. వాచ్‌మన్ బండి నంబరు, టైము రాసి డ్రైవరు చేత సంతకం పెట్టిస్తాడు. పాపం పెద్దగా చదువుకోలేదు, రాని బండిని రాయడం తెలీదు. మిగతా ఏడు బండ్లు, ఒక్కోటి 5,000 లీటర్లది, తిన్నగా మీ ఆఫీసు కాగితాల్లోకే దిగినట్టున్నాయి.

వచ్చిన 39కే లెక్క కడితే 31,200. ముప్ఫై ఫ్లాట్లకు పంచితే ఇంటికి 1,040. కాదు, తలల లెక్కే ముద్దంటారా? మేం 40 మందిమి, ఓనర్ల ఇళ్ళలో 80 మంది. తలకు 260, నలుగురున్న ఇంటికి మళ్ళీ అదే 1,040. తలుపులు లెక్కపెట్టినా తలలు లెక్కపెట్టినా అంతే. 2,080 రావాలంటే మా వైపు తలలూ మీ వైపు తలుపులూ లెక్కపెట్టి, పైన ఏడు దెయ్యపు ట్యాంకర్లు కలపాలి. ఈ పద్ధతి ఏ మీటింగులో తీర్మానించారో మినిట్స్ చూపించండి.

ఇక లిఫ్టు. నెలనెలా కరెంటుకూ సర్వీసు కాంట్రాక్టుకూ మా వాటా కడుతూనే ఉన్నాం. ఎక్కాం, దిగాం, కట్టాం. కానీ కొత్త తాళ్ళు వేయించిన 96,000ను కూడా ముప్ఫై ఫ్లాట్లకూ పంచి, మా మీద ఇంటికి 3,200 వేశారు. అవి ఏళ్ళ తరబడి ఉండే బిల్డింగు సొత్తు. అలాంటి వాటికేగా ఓనర్ల కార్పస్ ఫండ్! మా అగ్రిమెంటు 11 నెలలది. ఖాళీ చేసే రోజు మా వాటా తాడు కోసి, చుట్ట చుట్టి చేతికిస్తారా?

ట్యాంకర్ల స్లిప్పులు, లిఫ్టు కంపెనీ బిల్లు పదో తేదీలోగా నోటీసు బోర్డు మీద పెట్టించండి. అంతవరకూ ఇంటికి 1,040, లిఫ్టు నెలవారీ వాటా మాత్రమే కడతాం.

‘బకాయిదారులు లిఫ్టు వాడరాదు’ అని నిన్న మీరంటించిన కాగితం చూశాం. తాడు డబ్బు కట్టనన్న జీ-2 ఆయన దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. ఆయనది గ్రౌండ్ ఫ్లోరు.

ఇట్లు,
అద్దెదారుల సంఘం