బీపీ మిషనుకు బీపీ పరీక్ష

తెలుగు మధ్యతరగతి ఇంట్లో రక్తపోటు కొలిచే యంత్రానికి, అంటే వాడుకలో బీపీ మిషనుకు, దక్కే గౌరవం అది చూపించిన అంకెను బట్టి ఉంటుందే తప్ప ఆ అంకె నిజమా కాదా అన్నదాన్ని బట్టి ఉండదు. 124 చూపిన పూట అది అమెరికా నుంచి కొడుకు పంపిన మేలురకం వస్తువు, 158 చూపిన పూట దానికి బ్యాటరీలు అయిపోయి ఉంటాయి. ఆవకాయ మీద మమకారం చావని గృహస్థు తక్కువ అంకెను, ఆయన కంచంలో ఉప్పు లెక్కపెట్టే ఇల్లాలు ఎక్కువ అంకెను నమ్మడం వల్ల ఒకే యంత్రం చుట్టూ ఒకే ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. యంత్రాన్ని సంచిలో వేసుకుని క్లినిక్కుకు వెళ్లి, అక్కడి యంత్రంతో సరిచూస్తే తగవు తీరుతుందని ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి గాని, సరిచూడడమంటే ఏమిటన్న దగ్గర ఇరుపక్షాలూ ఒకే రకంగా పొరబడతాయి.

పొద్దున ఇంట్లో 130 వచ్చింది, సాయంత్రం క్లినిక్కులో 152 వచ్చింది, కాబట్టి ఇంటి మిషను అబద్ధాలకోరు అని తేల్చడం ఈ పొరపాటుకు ప్రసిద్ధమైన రూపం. ఇక్కడ పోల్చినవి రెండు యంత్రాలు కావు, రెండు పూటలు. టోకెను నంబరు కోసం గంటసేపు కూర్చుని, తనకన్నా వెనక వచ్చినవాడు కాంపౌండరుకు బంధువు కావడం వల్ల ముందు లోపలికి పోతుంటే చూసి, చివరికి తెల్లకోటును దర్శించుకున్న మనిషి రక్తపోటు నిజంగానే పెరిగి ఉండవచ్చు. వైద్యులను చూడగానే పోటు పెరిగే ఈ లక్షణాన్ని వైద్యశాస్త్రం తెల్లకోటు ప్రభావం అంటుంది. అందుచేత యంత్రాలను పోల్చదలచినవారు ఒకే మనిషిని, ఒకే చేతిని, ఒకే కుర్చీని, వీలైనంత మటుకు ఒకే క్షణాన్ని ఆ రెండింటి ముందూ పెట్టవలసి ఉంటుంది.

ఒకే చేతి మీద ఒకే క్షణం అన్నది అసాధ్యం గనుక కొందరు మేధావులు ఇంటి పట్టీని ఎడమ చేతికి, క్లినిక్కు పట్టీని కుడి చేతికి చుట్టించుకుని రెండింటినీ ఏకకాలంలో ఉబ్బిస్తారు. చూడడానికి ఎంతో న్యాయంగా కనిపించే ఈ ఏర్పాటులో లోపమేమంటే, ఆరోగ్యవంతుడికి కూడా రెండు చేతుల మధ్య కొన్ని అంకెల తేడా ఉండవచ్చు, కాబట్టి చేతుల మధ్య ఉన్న భేదానికి శిక్ష యంత్రానికి పడుతుంది. అలాగని ఒకే చేతి మీద ఒకదాని తరువాత ఒకటి చొప్పున రెండే రెండు కొలతలు తీసినా చాలదు, ఎందుకంటే కూర్చున్న మనిషి కుదుటపడే కొద్దీ పోటు దిగుతుంది, మొదటి కొలత సాధారణంగా తరువాతివాటికన్నా ఎక్కువగా వస్తుంది.

ఈ దిగుడును లెక్కలోకి తీసుకునే పద్ధతి ఒకటి ఉంది. వీపుకు, చేతికి ఊతమిచ్చి, పాదాలు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టిన తరువాత (తెలుగువారి విషయంలో ఈ చివరి నియమమే కష్టసాధ్యం), ఒకే చేతికి ఒక్కొక్క నిమిషం ఎడంతో అయిదు కొలతలు తీస్తారు. మొదటి రెండూ ఇంటి యంత్రంతో, మూడవది క్లినిక్కు యంత్రంతో, నాలుగవది మళ్లీ ఇంటిదానితో, అయిదవది మళ్లీ క్లినిక్కుదానితో. మొదటి కొలతను పక్కన పెట్టేసి, రెండవ, నాలుగవ కొలతల సగటును వాటి నడుమ ఇరుక్కున్న మూడవ కొలతతో పోలుస్తారు.

పొద్దున ఇంట్లో 130 చూసుకుని వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయుడొకరి చేతి మీద పై అంకెలు వరుసగా 156, 150, 146, 146, 142 వచ్చాయనుకుందాం. ఇంటి యంత్రం తొలి అంకె 156ను క్లినిక్కు 146తో పోల్చే తొందరపాటు న్యాయాధీశుడు తేడా 10 అని యంత్రాన్ని అటకెక్కిస్తాడు. కానీ 150కి, 146కి సగటు 148, నడిమి కొలత 146, తేడా 2 మాత్రమే. తేడా 5 దాకా ఉంటే యంత్రాన్ని వాడుకోవచ్చు, 10 దాటితే మార్చుకోవాలి. మధ్యలో ఊగిసలాడితే మూడవ, అయిదవ కొలతల సగటును నాలుగవదానితో పోల్చి, అది 10 లోపు ఉంటే అప్పటికి ఒప్పుకుంటారు. మన ఉపాధ్యాయుడి యంత్రం నిర్దోషి అని తేలింది కాబట్టి పొద్దున ఇంట్లో వచ్చిన 130ని కూడా వైద్యుడు లెక్కలోకి తీసుకోవలసిందే. పెరిగింది టోకెను వరుసలో.

రెండు యంత్రాలూ బాగున్నా అంకెలు అచ్చంగా కలవకపోవడానికి వాటి పనితీరే కారణం. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ చెప్పిన పద్ధతిలో పట్టీలో గాలి వదులుతూ, స్టెతస్కోపుతో రక్తనాళపు చప్పుడు మొదలైన చోటును పై అంకెగా, ఆగిన చోటును కింది అంకెగా తీసుకుంటారు. ఇంటి యంత్రం దేన్నీ వినదు. గాలి దిగుతున్నప్పుడు నాడి కొట్టుకోవడం వల్ల పట్టీలో పుట్టే చిన్న కంపనాలను అది కొలుస్తుంది, అవి పతాకస్థాయికి చేరిన చోట సగటు పోటును పసిగడుతుంది, పై అంకెనూ కింది అంకెనూ తయారీదారు సాధారణంగా బయటపెట్టని సూత్రంతో లెక్కగడుతుంది. ఆ సూత్రాన్ని కనీసం 85 మంది మీద పరీక్షించాలని, సగటు తేడా 5 లోపు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం కోరుతుంది. సగటున సరిపోయిన సూత్రం ఎనభై ఆరవ చేతికి సరిపోకపోవచ్చు, అందుకే పెట్టె మీద ఆమోదముద్ర ఉన్నా సొంత చేతి మీద చూసుకోవడం.

చెయ్యి ప్రస్తావన వచ్చింది గనుక పట్టీ సంగతి దాటవేయరాదు. సాధారణంగా వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత గల చేతికి తయారైనది కాగా, దాన్ని అంతకన్నా లావైన చేతికి బలవంతంగా చుడితే పోటు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పట్టీ గుండెకన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే 7, 8 అంకెలు అదనంగా చేరతాయి. తొడ మీద చెయ్యి వాల్చుకుని ఇంట్లోనూ, బల్ల మీద చెయ్యి చాపి క్లినిక్కులోనూ చూపించుకునేవారి తగవులో సగం పాపం ఫర్నిచరుదే.

ఇంతకూ న్యాయపీఠం మీద కూర్చున్న క్లినిక్కు యంత్రం నడత ఎవరు విచారించాలి? గాలి లేనప్పుడు ముల్లు సున్నా దగ్గర నిలవని గడియారపు డయలును ప్రమాణంగా ఒప్పుకోనక్కరలేదు, నిలిచినంత మాత్రాన పైన లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని హామీ కూడా లేదు. పైగా డయలు మీద గీతలు రెండేసి అంకెలకు ఒకటి ఉంటాయి గనుక నిజాయితీగా చూస్తే అయిదింట ఒక కొలతే సున్నాతో ముగియాలి. రోగులందరి చీటీల మీదా 130/80, 140/90 మాత్రమే కనిపిస్తుంటే అక్కడ కొలుస్తున్నది పోటు కాదు, రౌండు ఫిగరు. అటువంటి చోట ఇంటి యంత్రాన్ని నిలబెట్టి దోషి అనడం ఘోరం, వేరే క్లినిక్కు వెతుక్కోవడం మేలు.

తేడా తేలిన తరువాత మనవాళ్లు చేసే మరో పని, ఎనిమిది అంకెలు ఎక్కువ చూపే యంత్రాన్ని పది నిమిషాలు ముందు పెట్టుకున్న గోడ గడియారంలా వాడుకోవడం, అనగా వచ్చినదానిలోంచి ఎనిమిది తీసేసి ఊరట పొందడం. గడియారం పొద్దునా రాత్రీ అదే పది నిమిషాలు ముందుంటుంది గాని, ఈ యంత్రం 145 దగ్గర ఎనిమిది తప్పితే 120 దగ్గర మూడే తప్పవచ్చు, 170 దగ్గర ఎంత తప్పుతుందో ఒక్క పూట పరీక్షతో తెలియదు. గుండె లయ తప్పి కొట్టుకునేవారికైతే దెబ్బదెబ్బకూ పోటు మారుతుంది గనుక, అటువంటివారికి ఏ యంత్రంతో చూడాలో, ఎన్నిసార్లు చూసి సగటు తీయాలో వైద్యుడే చెప్పాలి. మిగిలినవారు ఏడాదికొకసారి, పట్టీ మార్చినప్పుడు, యంత్రం కిందపడినప్పుడు మళ్లీ సంచి పట్టుకుని బయలుదేరవచ్చు. కిందపడిన విషయం ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు కాబట్టి, ఏడాదికొకసారి అన్నది గట్టిగా పట్టుకోవడం మంచిది.