సీసానికి తొమ్మిది సెకన్లు



బిడ్డా, కరీంనగర్‌లో నువ్వు పెట్టిన వేగపఠన శిక్షణ గురించి నీ కరపత్రం చదివాను. సూటులో నీ ఫొటో బాగుంది. దాని కింద మూడు హామీలున్నాయి. నిమిషానికి వెయ్యి మాటలు చదివిస్తావట. పెదవి కదపడం మాన్పిస్తావట. చదివిన వాక్యం మీదికి చూపు మళ్లీ వెనక్కి పోకుండా చేస్తావట. నమూనాకు మన ధర్మపురి శేషప్పకవి నరసింహ శతకాన్నే తీసుకుని, పావుగంటలో పూర్తి అని రాశావు.

లెక్క వేశాను. పావుగంటకు 900 సెకన్లు, శతకంలో నూరు పద్యాలు, అంటే సీసానికి తొమ్మిది సెకన్లు. నాలుగు పెద్ద పాదాలు, కింద ఎత్తుగీతి, అన్నీ అందులోనే. ఈ వేగంతో పోయినవాడికి మకుటం మాత్రం కంఠతా వస్తుంది, ప్రతి పద్యం చివరా అదే ఉంటుంది గనక. శేషప్ప ఆ మకుటానికి ముందు ఏం మొరపెట్టుకున్నాడో నరసింహస్వామికే తెలియాలి.

కన్ను పనిచేసే తీరు కూడా నీ హామీకి అడ్డమే. చదివేటప్పుడు చూపు జారిపోదు, ఆగి ఆగి గెంతుతుంది. ఆగిన చోట సుమారు పావు సెకను నిలుస్తుంది, అక్కడ కొన్ని అక్షరాలే స్పష్టంగా కనబడతాయి. నిమిషానికి వెయ్యి అంటే ఒక్కో ఆగుడుకు నాలుగు మాటలు మింగాలి. విభక్తులూ సంధులూ కలిసి బారెడు పొడుగయ్యే మన మాటలు నాలుగు! పైగా 2014లో అమెరికాలో కొందరు పరిశోధకులు, దాటిన మాట తెరమీద మళ్లీ కనబడకుండా మూసి ఇంగ్లీషు వాక్యాలు చదివించారు. వెనక్కి చూడనివ్వకపోతే అర్థం చేసుకోవడం తగ్గింది. వాళ్లు జబ్బుగా చూపించినదాన్ని నువ్వు ఫీజు తీసుకుని నేర్పుతున్నావు.

నీ పద్ధతికి పరీక్ష దూరంలో లేదు. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట ఉంది కదా. అక్కడ పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో బండమీద వేయించిన శాసనంలో సంస్కృతం, కన్నడంతో పాటు మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. నన్నయ కంటే సుమారు నూరేళ్లు ముందటివి. నీ శిష్యులను అక్కడికి తీసుకుపోయి గడియారం నొక్కు.

శాసనాల్లో సాధారణంగా మాటకూ మాటకూ ఎడం ఉండదు, పాదం అయిందని గీత ఉండదు. రాయి అంచు వచ్చిన చోట వరస ఆగుతుంది. మరి కందాన్ని ఎట్లా విడదీస్తారు? పెదవి కదిపే! లఘువుకు ఒకటి, గురువుకు రెండు మాత్రలు లెక్కపెడుతూ పైకి చదవాలి. మొదటి పాదానికి 12 మాత్రలు, రెండో పాదానికి 20, తర్వాత మళ్లీ అదే వరస. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. అది కలవలేదంటే పాదాన్ని తప్పు చోట విరిచావన్నమాట, వెనక్కి పో. ఒకటీ రెండూ పాదాలను కలిపి చూస్తే నాలుగేసి మాత్రల గణాలు ఎనిమిది. వాటిలో ఆరోది జగణమో నలమో కాకపోతే ఏదో అక్షరాన్ని తప్పు చదివావు, మళ్లీ వెనక్కి పో. రాయి అరిగిన చోట గణానికి ఒక మాత్ర తక్కువైతే పోయింది ఒక లఘువు. రెండు తక్కువైతే ఒక గురువైనా, రెండు లఘువులైనా పోయి ఉండాలి. కళ్లకు కనబడని అక్షరం కొలత చెవికి దొరుకుతుంది. నువ్వు నిషేధించిన రెండు పనులే ఇక్కడ పనిముట్లు.

ఇంత చేసినా ఛందస్సు అర్థం చెప్పదు, ఎక్కడ తప్పామో మాత్రం చెబుతుంది. ఆ తర్వాత పదచ్ఛేదం, అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం. నీకు క్లాసులో ఈ వరసలోనే చెప్పాను. నువ్వు మొదటి మూడూ ఎత్తేసి తాత్పర్యాన్ని పొట్లం కట్టి అమ్ముతున్నావు. అన్వయం కుదరకముందే చెప్పే తాత్పర్యం చదివినవాడిదే గాని కవిది కాదు.

అన్నీ మెల్లగా చదవాలని నేననను. ఆదిలాబాద్ బస్సు కదులుతుంటే బోర్డును పదచ్ఛేదం చేస్తూ నిలబడితే బస్సు పోతుంది. పెళ్లి పత్రికలో ముహూర్తం, భోజనం వేళ చూస్తే చాలు. వేగం అక్కడ ఉంచు, కందాన్ని వదిలెయ్.

ఇంకొక్కటి. కరపత్రం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, కట్టిన ఫీజు వాపసు ఇవ్వబడదనీ, చేరేముందు నిబంధనలు ఒకటికి రెండుసార్లు నిదానంగా చదువుకోవాలనీ వేయించావు. నీ శిక్షణ మొత్తంలో నాకు నచ్చిన పాఠం అదొక్కటే. దాన్ని పెద్దక్షరాల్లో వేయించు.

ఇట్లు
మీ తెలుగు సారు